పదకొండు సర్టిఫికెట్లు, ఇరవై ఇన్సర్ట్‌లు

డెట్రాయిట్ దగ్గర స్థిరపడి పదహారేళ్లయింది. నేనూ మెకానికల్ చదివి లెక్కల వైపు మళ్లినవాణ్నే కాబట్టి, ఏటా సెప్టెంబరు వచ్చేసరికి ఎవరో ఒకరు విదేశీ చదువు దరఖాస్తుకు తమ గురించి రాసుకునే వ్యాసం, అదే ఎస్‌ఓపీ, చూసిపెట్టమని పంపుతుంటారు. ఈసారి వచ్చింది మా పిన్ని వాళ్ల పక్కింటి అబ్బాయిది. బీటెక్ మెకానికల్ చేసి రెండేళ్లుగా ఆటో విడిభాగాల కర్మాగారంలో సీఎన్‌సీ లేత్‌ల దగ్గర పనిచేస్తున్నాడు. రాత్రిళ్లు కూర్చుని పైథాన్, స్టాటిస్టిక్స్ సొంతంగా చదువుకున్నాడు. అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్‌కు దరఖాస్తు చేస్తున్నాడు.

డేటాయే ఈ యుగపు ఇంధనం అంటూ మొదలుపెట్టాడు. రెండో పేరాలో చిన్నప్పుడు రేడియో విప్పి చూసిన ముచ్చట. మూడో పేరా నిండా పదకొండు ఆన్‌లైన్ సర్టిఫికెట్ల పేర్లు. ఆఖర్న ఆ విశ్వవిద్యాలయం ఎంత గొప్పదో ఆ విశ్వవిద్యాలయానికే చెప్పాడు. కన్సల్టెన్సీ వాళ్ల నమూనా అని చూడగానే తెలిసిపోయింది. ఆ రేడియోను ఇప్పటికి నేను నాలుగు ఎస్‌ఓపీల్లోంచి తీసేయించాను.

ఫోన్ చేసి ఒకటే అడిగాను: "కర్మాగారంలో నీ చేతికి వచ్చే డేటా ఏమైనా ఉందా?"

"ఉంది కానీ అదేం పెద్ద ప్రాజెక్టు కాదన్నయ్యా, అందుకే రాయలేదు" అన్నాడు.

మెకానికల్ అభ్యర్థి దరఖాస్తు చదివే ప్రొఫెసరుకు ఉండే అనుమానం మామూలుదే. మొదటి సెమిస్టరులో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ ఒకేసారి మీద పడితే ఈ అబ్బాయి తట్టుకుంటాడా? డేటా సైన్స్ అంటే ఇతనికి ఎంత ఇష్టమో తెలుసుకున్నా ఆ అనుమానం తీరదు. సర్టిఫికెట్లతోనూ తీరదు. వీడియోలు చూసి క్విజ్‌లు దాటితే ఎవరికైనా వచ్చేవే వాటిలో ఎక్కువ. ఇతను ఒక ప్రశ్నను పట్టుకుని, తప్పు చేసి, ఆ తప్పును తనే కనిపెట్టినట్టు కాగితం మీద కనబడితే మాత్రం ఆయన ఆగి చదువుతాడు.

ఇతను రాయకుండా దాచింది సరిగ్గా అదే. లేత్ మీద ఒక బుష్‌కు లోపలి వ్యాసం తొలిచే పని జరుగుతుంది. తొలిచే కార్బైడ్ మొనను, అంటే ఇన్సర్ట్‌ను, సుమారు 120 ముక్కలకు ఒకసారి మారుస్తారు. ఇతను 20 ఇన్సర్ట్‌ల కాలం పాటు, అంటే సుమారు 2,400 ముక్కల కొలతలను లాగ్‌బుక్ నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. అందులో 96 ముక్కలు తిరస్కరించినవి. ఏ ముక్క పాడవుతుందో ముందే చెప్పే మోడల్ కట్టాడు. 96 శాతం కచ్చితత్వం వచ్చిందని సంబరపడ్డాడు. నాలుగు రోజుల తర్వాత ఒక సంగతి తట్టింది: పాడైనవి నూటికి నాలుగే అయినప్పుడు, కళ్లు మూసుకుని "అన్నీ మంచివే" అన్నా 96 శాతం వస్తుంది కదా!

అప్పటి నుంచి మొత్తం కచ్చితత్వం వదిలేసి, పాడైన ముక్కల్లో ఎన్నింటిని పట్టుకుంటున్నాడో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మోడల్‌ను సరిదిద్దాక పరీక్షకు పక్కన పెట్టిన 20 చెడ్డ ముక్కల్లో 18 దొరికాయి. ఇది మరీ బాగుందే అని అనుమానం వచ్చింది. చూస్తే, పరీక్షకు పెట్టిన ముక్కలను మొత్తం డేటా నుంచి యాదృచ్ఛికంగా ఏరాడు. ఇన్సర్ట్ నంబరు కూడా ఇన్‌పుట్‌లో ఉంది. 57వ ముక్క శిక్షణలో, దాని పక్కనున్న 58వ ముక్క పరీక్షలో పడితే మోడల్ నేర్చుకునేదేముంది, పక్కవాడి కాగితం చూసి రాసినట్టే. రేపు కర్మాగారంలో బిగించేది కొత్త ఇన్సర్ట్. అందుకని మొదటి 16 ఇన్సర్ట్‌లతో నేర్పి, ఇన్సర్ట్ నంబరు తీసేసి, చివరి 4 ఇన్సర్ట్‌ల మీద పరీక్షించాడు. అక్కడ కూడా చెడ్డ ముక్కలు 20. ఈసారి దొరికినవి 11.

"18 కాస్తా 11 అయింది, అందుకే రాయడానికి సిగ్గేసింది" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఎస్‌ఓపీ మొత్తానికి ప్రాణం ఆ 11 దగ్గరే ఉంది!

పాత మూడో పేరా తీసేసి ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయమన్నాను: "యాదృచ్ఛికంగా విడదీసినప్పుడు నా మోడల్ 20 లోపాల్లో 18 పట్టుకుంది. అప్పటిదాకా చూడని ఇన్సర్ట్‌ల మీద 11 మాత్రమే పట్టుకుంది. రెండో అంకెనే నేను నమ్ముతున్నాను. ఒకే ఇన్సర్ట్ కోసిన ముక్కలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, వాటిని విడివిడి ఉదాహరణలుగా చూడటం నా పొరపాటని అప్పుడు అర్థమైంది." ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, చూశారా? మోడల్ పేరు కూడా అవసరం పడలేదు.

తర్వాత ఎంఎస్ ఎందుకన్న ప్రశ్న. "నైపుణ్యాలు పెంచుకోవడానికి" అని రాశాడు. అది ఎవరైనా రాస్తారు. ఇతని డేటాలోనే అసలు జవాబుంది. ఇన్సర్ట్‌లన్నీ అరిగిపోయాక మార్చినవి కావు, చాలావాటిని 120 ముక్కలు కాగానే బాగున్నా తీసేశారు. వాటి అసలు ఆయుష్షు ఎంతో ఎవరికీ తెలియదు, 120 కంటే ఎక్కువని మాత్రం తెలుసు. ఇలాంటి సగం తెలిసిన ఆయుష్షులతో లెక్క కట్టే విద్యను సర్వైవల్ అనాలిసిస్ అంటారు. సొంత చదువు ఎక్కడ ఆగిపోయిందో చెప్పి, అక్కడి నుంచి ఫలానా కోర్సు కావాలంటే మాట నిలుస్తుంది. అయితే దరఖాస్తు చేసే ప్రతి విశ్వవిద్యాలయం కోర్సుల జాబితాలో అది ఉందో లేదో చూసుకోవాలి. లేనిచోట పేరు రాస్తే, పేరు మార్చి పదిచోట్లకు పంపిన కాగితమని తెలిసిపోతుంది.

మెకానికల్‌ను లోపంలా చూపించి క్షమాపణ అడగవద్దని కూడా చెప్పాను. మెటల్ కటింగ్‌లో అందరం చదివిన టేలర్ టూల్ లైఫ్ సూత్రం ఉంది కదా:

```
V * T^n = C
log V + n * log T = log C
```

ఇందులో V కోత వేగం, T పనిముట్టు ఆయుష్షు, n, C స్థిరాంకాలు. లాగరిథమ్ తీసుకుంటే అది సరళరేఖ. ల్యాబ్‌లో వేగం మార్చి మార్చి ఆయుష్షు కొలిచి `n` కనుక్కున్నవాడు కొలతలకు సరిపోయే గీత పట్టుకునే రిగ్రెషన్ చేసినట్టే, పేరు తెలియదంతే. ఆ మాట రెండు వాక్యాల్లో పడితే మెకానికల్ నుంచి ఇటు రావడం గెంతులా కాక నడకలా కనిపిస్తుంది.

కర్మాగారం అంకెలు వాడేముందు పైఅధికారిని అడగమన్నాను. కస్టమరు పేరు, భాగం నంబరు, అసలు కొలతలు రాయకూడదు. వీలైతే సిఫారసు లేఖలో ఆయన ఈ పని గురించే నాలుగు ముక్కలు రాస్తే మంచిది. జర్మనీకి కూడా పెడతానన్నాడు. అక్కడ చాలా కోర్సులకు గణితం, కంప్యూటర్ సైన్స్ క్రెడిట్లు ఇన్ని ఉండాలన్న నిబంధన ఉంటుంది. అవి తక్కువైతే ఎస్‌ఓపీ ఎంత బాగున్నా లాభం లేదు, ముందు అది చూసుకోమన్నాను.

అంతా అయ్యాక నెమ్మదిగా అసలు భయం బయటపెట్టాడు: "బీటెక్ గణితం రెండో పేపరు ఎం-2లో ఒకసారి తప్పానన్నయ్యా. జ్వరం వచ్చిందని రాయనా?"

వద్దన్నాను. సర్టిఫికెట్లలో ఒకటి ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌ది, ప్రాబబిలిటీ మీద, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసినది. మిగతా పది తీసేసి ఆ ఒక్కటి ఉంచమన్నాను. "గణితం రెండో పేపరులో ఒకసారి తప్పాను, తర్వాత ఉత్తీర్ణుడినయ్యాను. ఉద్యోగం చేస్తూ ప్రాబబిలిటీ మళ్లీ చదివి, పర్యవేక్షణలో జరిగిన పరీక్ష రాశాను" అని, పక్కన మార్కులు. రేడియో ఖాళీ చేసిన చోట అది సరిపోయింది.