మొదటి రెండు పేజీల గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నువ్వు నవల మొదలుపెట్టావని, పోటీకి పంపుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. నువ్వు పంపిన మొదటి రెండు పేజీలూ మూడుసార్లు చదివాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ప్రింటు తీసి చదువుకో, స్క్రీన్ మీద తప్పులు దాక్కుంటాయి. పాత్రలన్నిటినీ మొదట్లోనే దింపకు, ఇద్దరో ముగ్గురో చాలు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. ఇది పెద్దమ్మగా అంటున్న మాట.

ఇక అసలు సంగతి. నీ కథలో అమ్మాయి అలారం మోగితే లేచింది, కాఫీ తాగింది, అద్దంలో చూసుకుంది, ఊరికి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని చిన్నతనం తలుచుకుంది. రెండు పేజీలంటే సుమారు ఐదు వందల మాటలు. అన్నీ ఖర్చయిపోయాయి, ఆమె ఇంకా బస్సు దిగలేదు. తండ్రి ఇల్లు అమ్ముతున్నాడన్న మాట పదకొండో పేజీలో వస్తుందని నువ్వే చెప్పావు. అది వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్తాను.

1987లో ఒక వారపత్రిక నవలల పోటీకి నేనూ రాశాను. నోటుబుక్కుల్లో రాసి, తెల్లకాగితాల మీద మళ్లీ ఎత్తి రాసి, తిరుగు స్టాంపులు పెట్టి పంపాను. మొదటి రెండు పేజీలూ కాలవ గట్టు, తెల్లవారుజాము, ముగ్గులు, కోడికూతలు. తర్వాత ఆ ఇంటి వాళ్ల వంశం, తాతగారి వైభవం. నా నాయిక ఏడో పేజీలో కనిపిస్తుంది. తనని అడక్కుండా పెళ్లి ఖాయం చేశారని ఆమెకు తెలిసేది పంతొమ్మిదో పేజీలో. వర్ణన బాగుందని మా వీధిలో అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

మూడు నెలలకి కట్ట తిరిగొచ్చింది. పద్దెనిమిదో పేజీ చివర పెన్సిల్ గీత, పక్కన చిన్న అక్షరాలతో ఒక్క వాక్యం: ‘ఇక్కడి నుంచి చదవాలనిపించింది.’ ఆ మాటలో ఎంత దయ ఉందో అప్పుడు నాకు అర్థం కాలేదు. కట్టను పొయ్యిలో పెట్టబోతే మీ అమ్మ లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. అప్పుడు దానికి పదిహేనేళ్లు.

కోపం తగ్గాక మళ్లీ రాశాను, ఈసారి ఇంకో తప్పు చేశాను. మొదటి వాక్యంలోనే ఒక ఆడపిల్ల బావిలో దూకింది. కేకలు, జనం, తాళ్లు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న మీ అమ్మకి చదివి వినిపించాను. అది చేతులు ఆపకుండా, “ఎవరక్కా ఆ అమ్మాయి?” అని అడిగింది. పేరు చెప్పాను. “అది కాదు, ఎవరని?” అంది. నా దగ్గర జవాబు లేదు. పేపర్లో వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం కదా, అలాంటిది రాశాను. మొదటిసారి గొడవ లేదు, రెండోసారి మనిషి లేదు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను పెన్ను ముట్టలేదు. ఆ నాలుగేళ్లు నీకు రాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

మనిషినీ గొడవనీ విడివిడిగా చూపించడానికి రెండు పేజీల్లో చోటుండదు. ఒకే పనిలో రెండూ కనపడాలి. 1909 నాటి కన్యాశుల్కం తెర తీయగానే గిరీశం ఏం చెప్తాడు? పూటకూళ్లమ్మకి సామాను కొనిపెడతానని తీసుకున్న ఇరవై రూపాయలు వేరేచోట ఖర్చుపెట్టేశానంటాడు. ఆ ఇరవై రూపాయలతోనే అతనెలాంటివాడో తెలిసింది, ఊళ్లో ఎందుకు ఉండలేడో కూడా తెలిసింది.

నీ కథకి అలాంటి పని ఉంది, నువ్వు గమనించలేదు. అది పూర్వీకుల ఇల్లు. 2005 చట్టసవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది కాబట్టి, కొనేవాళ్లు ఆమె సంతకం కూడా అడుగుతారు. అంటే తండ్రికి ఆమెతో అవసరం పడింది. అయినా ముందుగా ఒక్క మాట అడగలేదు. కథని బస్సులో కాదు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో మొదలుపెట్టు. నేనే ఒక ముక్క రాసి చూశాను, తిట్టుకోకు:

“ఇక్కడ, ఇక్కడ” అని డాక్యుమెంట్ రైటర్ పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి పెన్ను చేతికిచ్చాడు. ఆమె పెన్ను తీసుకుని, కాగితాలని మొదటి పేజీకి తిప్పింది. “అన్నీ చూసే రాయించాంలేమ్మా” అన్నాడు నాన్న, గోడమీది క్యాలెండర్ చూస్తూ. ఆమె చదువుతూనే ఉంది. నాలుగో పేజీ దగ్గర ఆగింది. “నాన్నా, బావి కూడా ఇచ్చేస్తున్నామా?”

చూడు, ఆమె జాగ్రత్త మనిషని నేను చెప్పలేదు, చదువుతోంది అంతే. తండ్రికి తప్పు చేస్తున్నానని తెలుసని చెప్పలేదు, క్యాలెండర్ వైపు చూశాడు. ఆమెకి ఇప్పుడు కావలసింది చాలా చిన్నది: ‘నీకిష్టమేనా అమ్మా’ అని నాన్న ఒక్కసారి అడగాలి. ఆయనకి అది కూతురి ముందు తలొంచినట్టు. కొనేవాళ్లు బయట కారులో ఉన్నారు, సాయంత్రంలోగా పని కావాలి. రెండో పేజీ చివరికి ఆమె ఏదో ఒకటి చెయ్యాలి. సంతకం పెట్టనీ, పెన్ను కింద పెట్టనీ, పెట్టి కాగితం చింపనీ, అది నీ ఇష్టం. కానీ ఆలోచనలో పడిందని రాసి వదిలెయ్యకు.

బావి ఎందుకు అంత ముఖ్యమో అప్పుడే చెప్పకు. చెప్పాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకో. ఐదో పేజీ దాకా ఆగు. నేను ఇప్పటికీ చేసే పని ఒకటుంది. మొదటి రెండు పేజీల్లో క్రియల కింద గీతలు గీస్తాను. ‘అంది, తీసింది, ఆగింది’ అంటే కళ్ల ముందు జరుగుతున్నట్టు. ‘ఉండేది, చేసేవాడు, గుర్తొచ్చింది’ అంటే కథ వెనక్కి నడుస్తున్నట్టు. నీ పేజీల్లో గీతలు గీశాను. రెండో రకం ముప్పై ఒకటి ఉన్నాయి. రెండో మూడో ఉంచి, మిగతావి లోపలి పేజీలకి పంపించు. పారెయ్యక్కర్లేదు తల్లీ, అందులో మీ నాయనమ్మ తులసికోట దగ్గర కూర్చున్న వాక్యం చదివి నాకు కళ్లు చెమర్చాయి. దాని చోటు వేరే.

ఇంకొకటి అడగాలి. నీ అమ్మాయి ఎక్కడా ఎవరినీ నొప్పించదేం? అది నువ్వేనని నాకు తెలుసు. మన ఇంటి కథ కాబట్టి అందరినీ కాపాడుకుంటూ రాస్తున్నావు. ఆమెని ఒక కటువైన మాట అననీ. మీ నాన్న ఏమనుకుంటాడోనన్న భయం మొదటి పేజీలోనే కనపడుతోంది. ఆయనతో నేను మాట్లాడతాను.

తిరగరాశాక ఆ రెండు పేజీలూ ముందు మీ అమ్మకి చదివి వినిపించు. కూర్చోబెట్టి కాదు, ఏదో ఒక పనిలో ఉన్నప్పుడు. ఎలా ఉందని అడగకు. దాని చేతులు ఏ వాక్యం దగ్గర ఆగాయో గుర్తుపెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ