బండి కనబడితే కుక్క ఎందుకు వెంటపడుతుంది?

"మా సెంటర్లో కుక్కలు పగలంతా అరుగుల కింద పడుకునే ఉంటాయి. బండి వెళ్తే చాలు, వెంటపడతాయి. ఆకలా, కోపమా? ఆ టైములో మనం ఏం చెయ్యాలి?"

ఆకలి కాదండీ. నేను రాజోలు పక్కన రొయ్యల చెరువులకి బండి మీద మేత బస్తాలు వేస్తుంటాను. కాలవ గట్టు మీద ఒక తూము దగ్గర ఎర్ర కుక్క ఒకటి ఉండేది. పక్కింటావిడ పెట్టిన అన్నం కడుపునిండా తిని, మూతి నాక్కుంటూనే లేచి నా బండి వెనక పరిగెత్తింది ఒకరోజు. ఆకలే కారణమైతే అప్పుడు లేవకూడదు కదా.

వేటలో వరస ఉంటుంది. ముందు చూపు నిలపడం, తర్వాత పొంచి నడవడం, తరమడం, పట్టి కొరకడం, చంపడం, చివరికి చీల్చి తినడం. తోడేలుకి ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కుక్క మనిషి దగ్గర వేల ఏళ్లు పెరిగేసరికి ఆ వరస చాలా కుక్కల్లో మధ్యలోనే తెగిపోయింది. తరమడం మిగిలింది, చంపడం, తినడం దాకా పోదు. గొర్రెల్ని తోలే జాతుల్లో మనుషులు కావాలని ఉంచుకున్న ముక్క కూడా ఇదే. పైగా వేటాడే జంతువుకి ఎక్కువసార్లు వేట దొరకదు. దొరికితేనే సంతోషం అనుకుంటే రెండు రోజుల్లో మానేస్తుంది. అందుకే పరుగే దానికి సుఖంగా ఉంటుంది. బండి దొరక్కపోయినా రేపు మళ్లీ వస్తుంది.

ఆ ముక్కని లేపేది కదలిక. కుక్క కంటికి రంగులు తక్కువ తెలుస్తాయి గానీ కదలిక బాగా పట్టుకుంటుంది. టైరు మీద వేరే కుక్కల వాసన వల్ల తరుముతుందని మా వాళ్లంటారు. ఆగి ఉన్న బండి చక్రాన్ని వాసన చూడ్డానికి అది కారణమే. ముప్పై, నలభైలో పోయే టైరు వాసన పట్టి లేచిందనడం మాత్రం నాకు కుదరదు. ఎర్ర కుక్కని దగ్గర్నుంచి చూశాను. గడ్డిమేటు పక్కన పడుకుని ఉండేది. నా బండి మలుపు తిరగ్గానే చెవులు లేచేవి, తల భుజాలకంటే కిందికి దిగేది, ముందు కాలు ఒకటి గాల్లో ఆగిపోయేది. అప్పటికి ఒక్క మొరుగూ లేదు. నేను దాటుతుండగా పక్కనుంచి వచ్చేది.

మొరుగుతూ ఎదురొచ్చే కుక్క సంగతి వేరు. అది తన చోటు కాపాడుకుంటోంది. ఒక ఇల్లో, కరెంటు స్తంభమో దాటగానే ఆగిపోతుంది. బండి ఎలాగూ వెళ్లిపోతుంది కాబట్టి తనే తరిమేశాననుకుంటుంది, మర్నాడు ఇంకా ధైర్యంగా వస్తుంది. వీధికుక్కల్లో ఈ రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి.

నేను మొదట్లో చేసింది తప్పు. కుక్క కనబడగానే యాక్సిలేటర్ తిప్పేవాణ్ని. పది రోజులయ్యేసరికి అది ఇంకా దూరం నుంచే లేవడం మొదలెట్టింది. ఒకసారి కాలితో తన్నబోతే బండి ఊగి, బస్తాతో సహా గట్టు అంచుకి వెళ్లాను. కదిలే కాలు దానికి ఇంకో వేట. బ్యాలెన్సు పోయేది మనకి.

తర్వాత పద్ధతి మార్చాను. అది పడుకునే చోటికి యాభై అడుగుల ముందే రెండో గేరుకి దించి, నడక వేగానికి కాస్త పైన, కాళ్లు కదపకుండా, దాని కళ్లలోకి చూడకుండా తిన్నగా పోయేవాణ్ని. మొదటి మూడు రోజులూ వచ్చింది, పక్కన నాలుగడుగులు పరిగెత్తి నెమ్మదించింది. నాలుగో రోజు మరీ దగ్గరికొస్తే ఆగి దిగి, బండిని నాకూ దానికీ మధ్య ఉంచి నిలబడ్డాను. అది ముందు చక్రం దగ్గర ఆగింది, టైరు వాసన చూసింది, తోక దించి వెనక్కి పోయింది. పారిపోయేది ఆగిపోతే తర్వాత ఏం చెయ్యాలో దానికి తెలియదు. మూడు వారాలకి నన్ను చూసి లేవడం మానేసింది. కుర్రాళ్లు స్పీడుగా పోతే మాత్రం ఇప్పటికీ తరుముతుంది, వాళ్ల దగ్గర ఆ పరుగు సుఖం దొరుకుతూనే ఉంది కదా.

ఇది అన్నిచోట్లా పనికిరాదు. పిల్లలున్న తల్లి కుక్క దగ్గరా, నాలుగైదు కలిసి వచ్చే గుంపు దగ్గరా ఆగొద్దు. వీలుంటే ఆ దారే వదిలెయ్యండి. చొంగ కారుస్తూ, తూలుతూ, ఏది కనబడితే అది కరిచే కుక్కైతే పిచ్చి పట్టిందనే అనుకోవాలి. ఏ కుక్క పన్ను దిగినా, చిన్న గీరుడైనా సరే, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, కారం పెట్టి రేపటిదాకా చూద్దామని మాత్రం ఆగొద్దండీ.