రిజిస్ట్రేషన్ ఫీజు సంగతి కాదు, నాన్న సంగతి

"మేడమ్, నేను బీకాం రెండో ఏడాది. నాన్న ఆటో నడుపుతారు. పార్ట్‌టైమ్ చేస్తానంటే 'ఆడపిల్ల సంపాదన మీద బతికే ఖర్మ నాకు పట్టలేదు' అంటారు. ఆన్‌లైన్‌లో డేటా ఎంట్రీ పని దొరికింది. వారంలో 500 పేజీలు టైప్ చేస్తే 15,000 ఇస్తారట. ముందుగా 1,800 కట్టాలి, ఆధార్ ఫొటో పంపాలి. నాన్నకు తెలియకుండా కట్టేయనా?"

కట్టొద్దమ్మా. పని ఇచ్చేవాడు డబ్బిస్తాడు గానీ తీసుకోడు.

వాళ్ల అసలు వసూలు ఆ 1,800 కాదు. మీరు నిద్ర మానుకుని పేజీలన్నీ పంపాక 'తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంట్ ఉల్లంఘించారు' అంటారు. మర్నాడు వాట్సాప్‌లో వకీలు పేరుతో నోటీసు వస్తుంది, ఇన్ని వేలు కట్టకపోతే కేసని. అది కోర్టు నోటీసు కాదు, బెదిరింపు. అయినా పిల్లలు కట్టేస్తారు. ఎందుకు? ఇంట్లో తెలుస్తుందని. మీరు నాన్న దగ్గర దాచిందే వాళ్ల చేతిలో కొరడా అవుతుంది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ నాన్న మాట నాకు నచ్చలేదు. కానీ ఆ కోపం వెనక భయం ఉంది: ఎవరింటికి, ఎన్నింటికి, ఎవరితో తిరిగొస్తుందని. 'పని చేయనా?' అని అడిగితే 'వద్దు' అనడం తేలిక. వివరాలతో వెళ్తే అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

మీ వీధిలోనే మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు ముగ్గురికి, మీ ఇంట్లోనే, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 5:45 నుంచి 7:15 వరకు ట్యూషన్ చెప్పండి. మీ వీధిలో ఫీజు ఎంతుందో రెండిళ్లలో కనుక్కోండి. తలకు 700 అయినా నెలకు 2,100. ఏ నెల ఫీజు ఆ నెల మొదట్లోనే తీసుకోండి. నెలాఖరుకి అంటే ఇరుగుపొరుగు మొహమాటంలో అది పై నెలకు జారుతుంది.

ఇబ్బంది వచ్చేది పరీక్షల దగ్గర. మీ సెమిస్టర్ పరీక్షలు, వాళ్ల పరీక్షలు ఒకేసారి పడితే 'మా వాడికి ఇప్పుడే కావాలి' అంటారు తల్లులు. మీ పరీక్షలప్పుడు రెండు వారాలు ట్యూషన్ ఉండదని, ఆ సగం ఫీజు తగ్గిస్తానని చేరిన రోజే చెప్పండి. ట్యూషన్ కోసం క్లాసు ఒక్కటీ ఎగ్గొట్టకండి. హాజరు 75 శాతం తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కే ఎసరు. ఈ ట్యూషన్ డబ్బంతా కలిపినా ఆ లోటు పూడదు.

ఎండాకాలం సెలవుల్లో, ట్యాలీ వస్తే, మీ ఊళ్లో ఆడిటర్ ఆఫీసులు అడగండి. జెరాక్సులే ఇవ్వండి, మెమోల ఒరిజినల్స్ ఎవరి దగ్గరా పెట్టకండి. మొదటి రోజు నాన్న ఆటోలోనే వెళ్లండి. ఆయన లోపలికొచ్చి ఆఫీసు చూసి, ఆడిటర్‌తో రెండు మాటలు మాట్లాడనివ్వండి.