వైఫైకి కలవని కెమెరాను షాపువాళ్లు వెనక్కి తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో ఒక షాపులో పోయిన వారం రూ. 2,400 పెట్టి వైఫై కెమెరా కొన్నాను. ఇంటి వైఫైకి ఎంతకీ కలవడం లేదు. ‘మీ నెట్‌లోనే ఏదో ఉంది, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం’ అంటున్నారు. బిల్లు మీద కూడా అలాగే ఉంది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ లోపం కెమెరాదో, మీ రౌటర్‌దో ముందు తేల్చుకోండి. అది తేలకుండా వేస్తే షాపువాళ్లు ఇప్పుడన్న మాటే వినియోగదారుల కమిషన్ ముందూ అంటారు.

ఇళ్లలో వైఫై సంకేతం సాధారణంగా 2.4 GHz, 5 GHz అనే రెండు బ్యాండ్లలో వస్తుంది. ఇలాంటి కెమెరాల్లో చాలావరకు 2.4 GHz బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. అట్టపెట్టె మీద ఆ సంగతి రాసి ఉందేమో చూడండి. రాసి ఉండి, మీ రౌటర్ 5 GHz మాత్రమే ఇస్తుంటే అది కెమెరా లోపం కిందికి రాదు. రాయకుండా, ‘ఏ వైఫైకైనా కలుస్తుంది’ అని చెప్పి అమ్మితే మాత్రం ఆ మాట మీదే మీరు నిలబడవచ్చు.

ఇక పరీక్ష. ఇంట్లో ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, బ్యాండ్ 2.4 GHz ఎంచుకోండి. పాస్‌వర్డ్ `camera2400` లాగా చిన్న అక్షరాలు, అంకెలతోనే ఉండాలి. ఇంటి పాస్‌వర్డ్‌లో `@`, `#` లాంటి గుర్తులున్నా, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసినా, చివర ఒక ఖాళీ చేర్చినా కెమెరా కలవకపోవచ్చు. కెమెరాను వైఫైకి కలిపే యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయండి. ఐఫోన్ అయితే లోకల్ నెట్‌వర్క్ అనుమతి కూడా కావాలి. తర్వాత కెమెరాను రీసెట్ చేసి, ఆ హాట్‌స్పాట్‌కి కలపండి. అదంతా మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వీడియో తీయండి.

హాట్‌స్పాట్‌కి కలిసిందంటే కెమెరా బాగానే ఉంది. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, 2.4 GHz పేరుకే కలపండి. అప్పుడు కేసుతో పనే ఉండదు.

కలవకపోతే ఆ వీడియో, బిల్లు, పెట్టె ఫొటో మీకు గట్టి ఆధారాలు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. ‘వెనక్కి తీసుకోం’ అని బిల్లు మీద ముద్రించుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. అందుకే 30 రోజులు దాటకముందే షాపుకి రాతపూర్వకంగా అడగండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 1915 హెల్ప్‌లైన్‌కి కూడా ఫిర్యాదు చేయవచ్చు. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి.

అప్పటికీ ఇవ్వకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. రెండేళ్ల గడువుంది. ఈ మొత్తానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. షాపువాళ్లు లోపమే లేదని వాదిస్తే కమిషన్ కెమెరాను ల్యాబ్ పరీక్షకు పంపవచ్చు. కాబట్టి దాన్ని విప్పకండి, బయట రిపేరుకి ఇవ్వకండి.