నీ చెవులకు మఫ్స్ సరే, కడుపులో బిడ్డ సంగతి?

అమ్మలూ,

నీకు ఐదో నెల వచ్చిందని, తొమ్మిదో నెల దాకా బాట్లింగ్ హాల్లోనే పనిచేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. లైన్ సూపర్‌వైజర్ దాకా ఎదిగినదానివి, ఉద్యోగం వదలనన్న నీ పట్టుదల నాకు గర్వమే. కానీ "ఇయర్ మఫ్స్ పెట్టుకుంటున్నాగా, ఇంకేం భయం" అన్నావట. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది.

మఫ్స్ నీ చెవులను కాపాడతాయి, మానొద్దు. బిడ్డకు మాత్రం అవి అక్కరకు రావు. శబ్దం బిడ్డను చేరేది నీ చెవుల్లోంచి కాదు, నీ పొట్టలోంచి.

నేను సేఫ్టీ విభాగంలో ఉన్నప్పుడు నిండు నెలల అమ్మాయి ఒకతె కంప్రెసర్ల దగ్గర రీడింగులు రాసేది. నిలబడలేక మెషీన్ చట్రానికి నడుమో పొట్టో ఆనించుకునేది. మఫ్స్ ఉన్నాయి కదా అని ఆమె ధీమా, పక్కవాళ్లదీ అదే ధీమా. ఆ బిడ్డకు ఏమీ కాలేదులే, కంగారుపడకు. కానీ అక్కడ ఎంత తప్పు జరిగిందో నీకు అర్థం కావాలి. కీచుమనే సన్నని శబ్దం పొట్ట గోడ, ఉమ్మనీరు దాటేసరికి చాలావరకు తగ్గిపోతుంది. గుంయ్‌మని ఆగకుండా మోగే బరువైన మోత అలా తగ్గదు, దాదాపు ఉన్నదున్నట్టే లోపలికి వెళ్తుంది. మెషీన్‌కు ఆనుకుంటే దాని అదురు కూడా నేరుగా ఒంట్లోకి పాకుతుంది. కంప్రెసర్లు, జనరేటర్లు, పెద్ద బ్లోయర్లు చేసేది ఈ మోతే. ఎక్కడా ఆనుకోవద్దు తల్లీ, అలసట అనిపిస్తే కుర్చీ అడుగు.

శబ్దం కొలిచే మీటర్ దగ్గర కూడా జనం ఇక్కడే పొరబడతారు. మామూలుగా చూసే 'ఎ' స్కేల్ మన చెవికి తగ్గట్టు బరువైన మోతను తక్కువ చేసి చూపిస్తుంది. అదే చోట 'సి' స్కేల్ మీద కూడా కొలవమను. 'ఎ'లో 87, 'సి'లో 99 వచ్చిందనుకో, అక్కడ బరువైన మోతే ఎక్కువన్నమాట. 'ఎ' అంకె కాస్త తక్కువగా ఉన్నా సరే, నువ్వు ఉండాల్సిన చోటు కాదది. మీటర్ దొరకకపోతే, చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందా చూడు. వస్తోందంటే 85 డెసిబెల్స్ దాటినట్టే అనుకో.

బిడ్డ చెవి సుమారు 24 వారాలకల్లా శబ్దానికి స్పందించడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత కూడా తయారవుతూనే ఉంటుంది. అందుకే నీకు ఇప్పటినుంచే చెప్తున్నా. స్వీడన్‌లో 14 లక్షల మంది పిల్లల వివరాలు చూసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. గర్భంతో ఉండి ఫుల్‌టైమ్‌గా 85 డెసిబెల్స్, ఆపైన మోతలో పనిచేసిన తల్లుల పిల్లల్లో వినికిడి లోపం సుమారు 80 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే అందరికీ వస్తుందని కాదు, అలాంటి తల్లులకు పుట్టినవాళ్లలోనూ ఎక్కువమంది బాగానే విన్నారు. రోజుల తరబడి గంటలకొద్దీ సాగే మోతతోనే భయం. దారిలో ఒక హారన్ మోగిందనో, ఎక్కడో డప్పులు వినపడ్డాయనో నిద్ర పాడుచేసుకోకు.

ఇక నీ హాల్ సంగతి. ఫిల్లర్ దగ్గర 91 అన్నావట. ఎనిమిది గంటలు ఉండేందుకు హద్దు 85 అనుకుంటే, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఉండదగ్గ సమయం సగానికి తగ్గుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండే. అదీ పెద్దవాళ్ల చెవి కోసం పెట్టిన లెక్క, కాబట్టి బిడ్డ కోసం ఆ రెండు గంటలూ వాడుకోవాలని చూడకు. లైన్ చెకింగ్ వేరేవాళ్లకు అప్పగించి, నువ్వు గోడ అవతల క్వాలిటీ డెస్క్‌కు మారు. తప్పక లోపలికి వెళ్లాల్సి వస్తే పని ముగించుకుని వెంటనే బయటికి వచ్చెయ్. 115 డెసిబెల్స్ దాటే చోటికి మాత్రం మఫ్స్ ఉన్నా అడుగు పెట్టొద్దు. మొహమాటం పక్కన పెట్టి, డాక్టర్ చేత చీటీ రాయించి, మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వు. నోటిమాటగా చెబితే షిఫ్ట్ మారగానే మర్చిపోతారు.

పుట్టాక మొదటి నెలలోపే బిడ్డకు వినికిడి స్క్రీనింగ్ చేయించు. నిద్రపోతున్నప్పుడే చేసేస్తారు, నొప్పి ఉండదు. అందులో తేడా కనిపిస్తే మూడు నెలలు నిండేలోపు పూర్తి పరీక్ష చేయించాలి. నువ్వు మోతలో పనిచేశావని డాక్టర్‌కు ముందే చెప్పు.

'ఎ', 'సి' అంకెలు రెండూ తీసుకుని ఈ వారంలో నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ