ఆ రెండు వేల తేడా గురించి

హనుమకొండ

బిడ్డా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీలో ఆగిపోయి, కాగితాలు పక్కన పెట్టి, ఇంటి ముందు కాసేపు తిరిగి వచ్చి మళ్లీ మొదటినుంచి చదివాను. నన్ను ఆపిన వాక్యం ఇది: "రెండంకెలు తారుమారయ్యాయి, మొత్తంలో సరిగ్గా రెండు వేల తేడా." అలా జరగదు. ఏ సంఖ్యలోనైనా రెండంకెలు చోటు మార్చుకుంటే వచ్చే తేడా రెండు వేలు కాదు, కాలేదు.

జిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఆ గుమాస్తా చెల్లింపు జాబితా చదివే ముందు కాగితం మీద పడ్డ పత్తి నూగును అరచేత్తో తుడుస్తాడని రాశావు. ఆ ఒక్క కదలిక చూసే నేను నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఆ మిల్లును నువ్వు కళ్లతో చూశావు. ఆ జాబితాను మాత్రం చూడలేదు.

63ను 36 అని రాస్తే తేడా 27. 52ను 25 అంటే మళ్లీ 27. 91ను 19 అంటే 72. ఏది తీసుకున్నా తొమ్మిదితో భాగారం పోతుంది. పదుల స్థానంలోని అంకె ఒకట్ల స్థానానికి దిగినప్పుడు తన విలువకు తొమ్మిదింతలు పోగొట్టుకుంటుంది, పైకెక్కిన అంకె తన విలువకు తొమ్మిదింతలు సంపాదిస్తుంది. పోయినదీ వచ్చినదీ తొమ్మిది లెక్కే కాబట్టి మిగిలేదీ తొమ్మిది లెక్కే. రెండు వేలను తొమ్మిదితో భాగించి చూడు, రెండు మిగులుతుంది. అంటే నీ గుమాస్తా కనిపెట్టిన తప్పు ఆ జాబితాలో లేనే లేదు.

ఇది లెక్కల మాస్టారి చాదస్తం అనుకోవద్దు. నీ కథలో జరిగేది ఒక్కటే: జాబితా మీద సంతకం పడే ముందు ఒక కుర్రవాడు ఒక అంకెను పట్టుకుంటాడు. ఎలా పట్టుకున్నాడన్నదే కథ. నువ్వేమో "ఎందుకో అతని మనసు కీడు శంకించింది" అని రాసి దాటేశావు. మనసు కీడు శంకించడం ప్రేమకథల్లో జరుగుతుందేమో, చెల్లింపు జాబితా ముందు జరగదు. అక్కడ శంకించేది మొత్తం.

అతని చేత అసలు పని చేయించి చూద్దాం. 41 మంది రైతుల జాబితా అన్నావు, మంచిది. ప్రతి రైతుకూ ఒక తక్‌పట్టీ ఉంటుంది. తూకం, ధర, రావలసిన సొమ్ము అందులో ఉంటాయి. ఆ తక్‌పట్టీలను చూసి ఒకరు కొనుగోలు రిజిస్టరు రాస్తారు, మరొకరు కంప్యూటరులో జాబితా ఎక్కిస్తారు. రిజిస్టరు మొత్తం 31,46,280 అనుకో. జాబితా మొత్తం 31,48,980. తేడా 2,700.

ఇక్కడే నీ రెండో తప్పు. నీ గుమాస్తా జాబితాను జాబితాతోనే కూడి తేడా కనిపెట్టాడు. కంప్యూటరు తనకు ఎక్కించిన అంకెలనే కూడుతుంది, తప్పు అంకెను ఇస్తే దానినీ కలిపి ఎంతో శుభ్రంగా మొత్తం చూపిస్తుంది. జాబితా తనతో తాను ఎప్పుడూ సరిపోతుంది. తప్పు బయటపడాలంటే వేరే చేతితో, వేరే కాగితం నుంచి వచ్చిన ఇంకో మొత్తం ఉండాలి. అందుకే ఆ పాత రిజిస్టరును కథలోకి తీసుకురా. బల్ల మీద దానికి చోటివ్వు.

ఇప్పుడు 2,700. ముందు అతను సరిగ్గా 2,700 ఉన్న పద్దు ఏదైనా జాబితాలో రెండుసార్లు పడిందేమో చూస్తాడు. లేదు. తొమ్మిదితో భాగిస్తాడు, 300 వస్తుంది. ఆ 300 అతనికి రెండు సంగతులు చెబుతుంది. సున్నాలు రెండున్నాయి కాబట్టి చోటు మారినవి వందలు, వేల స్థానాల అంకెలు. ముందున్నది మూడు కాబట్టి ఆ రెండంకెల మధ్య ఎడం మూడు. పైగా జాబితా మొత్తమే ఎక్కువగా ఉంది, అంటే జాబితాలో వేల అంకె పెద్దది, వందల అంకె చిన్నది. ఇక 41 పద్దులూ చదవనక్కర లేదు. 3-0, 4-1, 5-2, 6-3, 7-4, 8-5, 9-6. వేల స్థానంలో, వందల స్థానంలో ఈ జతలున్న పద్దులను మాత్రమే వేలితో వెతుక్కుంటూ కిందికి దిగుతాడు. అంత జాబితాలో అవి మూడో నాలుగో దొరుకుతాయి. మూడు తక్‌పట్టీలు కట్టలోంచి తీస్తాడు. మొదటిది సరిగా ఉంది. రెండోదీ సరిగానే ఉంది. మూడోదానిలో 13 క్వింటాళ్ల 40 కిలోల పత్తి, క్వింటాలుకు 7,150. చేత్తో గుణిస్తాడు: 95,810. జాబితాలో 98,510.

ఆ మూడు కాగితాల మధ్య ఉన్న ఉత్కంఠను ఏ అమావాస్య రాత్రీ ఏ కుక్క అరుపూ ఇవ్వవు. నీ కథలో అవి రెండూ ఉన్నాయి, తీసేయి.

ఒక జాగ్రత్త కూడా అతనికి ఇవ్వాలి. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా తారుమారు కాదు. 4,500 రాయవలసిన చోట ఒక సున్నా జారి 450 పడినా తేడా 4,050, అదీ తొమ్మిదితో పోతుంది. రెండు మూడు తప్పులు కలిసి యాదృచ్ఛికంగా అలాంటి తేడా ఇవ్వనూ వచ్చు. కాబట్టి భాగారం పోగానే అతను "దొరికింది" అని లేచి నిలబడడు. ఎక్కడ వెతకాలో మాత్రమే తెలిసింది, తక్‌పట్టీ చేతిలోకి వచ్చాకే నమ్ముతాడు.

ఈ తొమ్మిది నాకు 1984లో తెలిసింది. ఈ ఊరిలోనే ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. కూలీల జాబితా మొత్తం కుదరక రాత్రి ఎనిమిదిదాకా కూర్చున్నాను. మా హెడ్ గుమాస్తా గొడుగు తీసుకుని వెళ్లబోతూ నా కాగితం మీదికి వంగి, "తేడా ఎంత?" అన్నారు. 540 అన్నాను. "వందలూ పదులూ చూడు. ఆరు ఎడం" అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన మెట్లు దిగేలోపు వందలు, పదుల స్థానాల్లో 71ని 17గా రాసిన చోటు దొరికింది. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ, దీన్ని కథగా రాయాలని నిర్ణయించుకున్నాను. రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు సరిగ్గా ఆ 540 ఉన్న పేరాలనే కొట్టేసి, "పాఠకులకు కూడికలెందుకు? అధికారి లంచగొండి అని చూపించండి, వెంటనే వేస్తాం" అని కార్డు రాశాడు. నేను ఒప్పుకోలేదు. కథ అచ్చు కాలేదు. ఇప్పటికీ ఆ కార్డు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. రైతు నాగలిని, నేతగాడి మగ్గాన్ని పేజీలకొద్దీ వర్ణిస్తే ముచ్చటపడేవాళ్లు, గుమాస్తా కూడికకు వచ్చేసరికి పాఠకుడు పారిపోతాడని ఎవరు చెప్పారు వీళ్లకు?

నువ్వూ ఆ సంపాదకుడి మాట విన్నట్టే రాశావు. నీ కథలో చివరికి అకౌంటెంటు దొంగ అని తేలుతుంది. ఎందుకు? డబ్బు కాజేసేవాడు రెండంకెలు తిప్పి 2,700 తీసుకోడు, అదీ రైతు ఖాతాకే వెళ్లేటట్టు. ఆ అంకెలను తిప్పింది అలసిపోయిన చెయ్యి. సాయంత్రం ఆరు గంటలకు, గేటు బయట బండ్లు వరుసకట్టి ఉండగా, "తొంభై ఐదు ఎనిమిది" అని మనసులో చదువుకుంటూ కీబోర్డు మీద "తొంభై ఎనిమిది ఐదు" కొట్టిన చెయ్యి. దొంగను తీసేస్తే నీ గుమాస్తాకు అసలైన కష్టం మొదలవుతుంది: తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన మంచి మనిషికి, సేటు ముందు కాకుండా, ఈ మాట ఎలా చెప్పాలి?

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. తారుమారును సొమ్ములో కాకుండా ఖాతా నంబరులో పెట్టు. అప్పుడు మొత్తం నోరు విప్పదు. 31,46,280కి 31,46,280 అచ్చంగా సరిపోతుంది. సేటు మొత్తం చూసి సంతకానికి పెన్ను తీస్తాడు. తొమ్మిది పనికిరాదు, రిజిస్టరు పనికిరాదు. బ్యాంకు ఖాతా నంబరు చూసే జమ చేస్తుంది, పేరు కలిసిందా అని చూడదు. తప్పు నంబరు ఎవరిదీ కాకపోతే సొమ్ము వెనక్కి వస్తుంది, ఎవరిదైనా అయితే వాళ్లకు చేరుతుంది. పంపే ముందు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 కల్లా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది కాబట్టి, నీ కథ ఏ ఏడాది జరుగుతుందో నిర్ణయించుకుని రాయి.

ఆ తప్పును పట్టుకునే పద్ధతి ఒకటే నాకు తెలుసు, అది నేర్చుకోవడానికి నేను పెట్టిన ఖర్చు నాది కాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక కూలీ ఖాతా నంబరులో రెండంకెలు తిప్పి రాశాను. సరిచూశాను కూడా. కానీ దేనితో? పోయిన నెల జాబితాతో. ఆ జాబితా రాసిందీ నేనే, తప్పు అందులోనూ అదే. రెండూ చక్కగా కలిశాయి. ఆమె రెండు నెలల కూలి ఇంకెవరి ఖాతాలోనో పడింది. తిరిగి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజులూ ఆమె ఉదయాన్నే వచ్చి ఆఫీసు వేపచెట్టు కింద కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. పాసుపుస్తకం కొంగులో చుట్టి తెచ్చేది. సరైన నంబరు మొదటినుంచీ ఆ కొంగులోనే ఉంది, నేను ఒక్కసారి అడిగి చూసి ఉంటే సరిపోయేది.

అప్పటినుంచి నంబరును పాసుపుస్తకం నుంచే చదివేవాళ్లం. ఒకరు పాసుపుస్తకం చూసి ఒక్కొక్క అంకె బయటికి చదవాలి, ఇంకొకరు జాబితాలో టిక్కు పెట్టాలి. "పన్నెండు, నలభై ఏడు" అని జతలుగా చదవకూడదు, చెవి జతలను తిప్పేసుకుంటుంది. "ఒకటి, రెండు, నాలుగు, ఏడు" అనాలి. రెండోసారి నంబరును చివరినుంచి మొదటికి చదవాలి, అప్పుడు అలవాటు సాయానికి రాదు, కన్ను ప్రతి అంకెనూ చూసి తీరాలి.

ఈ దృశ్యం రాయి. గుమాస్తా చదువుతున్నాడు, అకౌంటెంటు టిక్కులు పెడుతున్నాడు. ముప్ఫై మంది అయిపోయారు. కిటికీలోంచి పత్తి నూగు వస్తోంది. ముప్ఫై ఒకటో రైతు పాసుపుస్తకం జిరాక్సు మసకగా ఉంది. గుమాస్తా దాన్ని వెలుగులోకి ఎత్తి, చివరినుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆరో అంకె దగ్గర టిక్కు చప్పుడు ఆగిపోయింది.

ఆపైన వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పకు, రాసి పంపు. వచ్చే నెలలో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బాగా వస్తుంది, ఒక రోజంతా అక్కడ కూర్చుని నాలుగు తక్‌పట్టీలు చేత్తో గుణించి చూసి, అప్పుడు రాయి.

ఆశీస్సులతో,
మీ ఊరి పాత గుమాస్తా