లెక్క సరిపోయింది, మనిషి మాత్రం టెర్రస్ మీదే ఉన్నాడు

ప్రశ్న: మా ఆఫీసులో వచ్చే నెల ఫైర్ డ్రిల్ ఉందంట, మా ఫ్లోర్‌కి నన్ను వార్డెన్ చేశారు. లోపల ఎవరూ మిగల్లేదని తెలియాలంటే బయటికొచ్చినోళ్లని లెక్కబెట్టి పంచింగ్ లిస్టుతో టాలీ చేస్తే చాలు కదా?

చాలదండీ. నేను తొమ్మిదేళ్లు ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా చేశాను, హైదరాబాద్ శివార్లలో, పేరొద్దులెండి. ఎక్కడైనా "86 మందికి 86 మంది వచ్చేశారు సార్" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ అనుమానమే. ఎందుకో చెప్తా.

ప్రమాదకర రసాయనాలు ఎక్కువ నిల్వ ఉండే మాలాంటి చోట్ల ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చెయ్యాలని 1989 రూల్స్‌లోనే ఉంది, కాబట్టి చేసేవాళ్లం. చేసే పద్ధతి ఎలా ఉండేదంటే ముందురోజే వాట్సాప్ గ్రూపులో "రేపు పదిన్నరకి డ్రిల్, అందరూ సహకరించగలరు" అని మెసేజ్, పది గంటలకే సగం మంది గేటు దగ్గర చెట్టు కింద, ఆనక ఫొటోలు, సమోసాలు. మంట కూడా ముందురోజు మెసేజ్ పెట్టి వస్తుందేమో మరి.

అలాంటి ఒక డ్రిల్ రోజు సెక్యూరిటీ దగ్గర లెక్క ఇలా ఉంది. పంచింగ్‌లో లోపలున్నట్టు చూపించేవాళ్లు 61, కాంట్రాక్టర్ మస్టర్‌లో 19, విజిటర్లూ లారీ డ్రైవర్లూ రాసే రిజిస్టర్‌లో 6. మొత్తం 86. సైరన్ మోగింది, అందరూ అసెంబ్లీ పాయింట్‌కి వచ్చారు, సెక్యూరిటీ సూపర్‌వైజర్ వరసల మధ్య వేలు చూపిస్తూ లెక్కబెట్టాడు, 86. ఏడు నిమిషాల్లో అయిపోయింది. మా ఫ్యాక్టరీ పెద్దాయన చప్పట్లు కొట్టించాడు.

పదకొండున్నరకి మా ఫిట్టర్ పైపు చూడ్డానికి యుటిలిటీ బ్లాక్ టెర్రస్ ఎక్కితే అక్కడ ఒక పెయింటర్ కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెయిలింగ్‌కి రెడ్ ఆక్సైడ్ పూస్తున్నాడు. వాడు అసలు దిగనేలేదు. మరి 86 ఎలా వచ్చింది?

నాకు నిద్ర పట్టక ఆ రాత్రి కూర్చుని పేరుపేరునా చూశాను. లిస్టులో ఉండి వరసలో లేనివాళ్లు ఇద్దరు, ఈ పెయింటర్ ఒకడు, పొద్దున పంచ్ కొట్టి గేట్ పాస్ మీద బ్యాంకుకెళ్లిన అకౌంట్స్ ఆయన ఇంకొకడు, ఆయన పాస్ సంగతి లిస్టులోకి ఎక్కలేదు. వరసలో ఉండి లిస్టులో లేనివాళ్లూ ఇద్దరే! టాంకర్ డ్రైవర్ పేరు రాశారు కానీ క్లీనర్ పేరు రాయలేదు, అది ఒకటి. రెండోది నైట్ షిఫ్ట్ ఆపరేటర్, ఆరింటికి పంచ్ అవుట్ కొట్టేసి ఓటీకి మళ్లీ లోపలికొచ్చాడు. ఓటీ గంటలు రికార్డులో ఎక్కువ కనబడకూడదని ఇలా కొట్టించే అలవాటు ఎన్ని చోట్ల ఉందో చెప్పక్కర్లేదు. నిజంగా పేలుడు జరిగుంటే ఆ మనిషి కాగితం మీద ఇంట్లో పడుకుని ఉన్నట్టే, వాళ్లావిడ గేటు దగ్గరికొచ్చి అడిగితే "మీ ఆయన పొద్దున్నే వెళ్లిపోయాడమ్మా" అని చెప్పేవాళ్లు. ఇద్దరు తగ్గారు, ఇద్దరు పెరిగారు, టాలీ అయిపోయింది. అంకె ఎప్పుడూ ఇలాగే మోసం చేస్తుంది.

అందుకే తలలు కాదు, పేర్లు పిలవాలి. అదీ అందరికీ కలిపి ఒకడు మైకు పట్టుకుని కాదు, సెక్షన్‌కొకరు, తన మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టగలిగినవాడు, పదిహేను ఇరవై మందికి మించకుండా. మొహం చూసే టిక్ పెట్టాలి, "ప్రెజెంట్ సార్" అన్న గొంతు విని కాదు, ఎందుకంటే పక్కోడి బదులు పలికే అలవాటు కాలేజీలోనే అయిపోయుంటుంది. కాంట్రాక్ట్ వాళ్లని వాళ్ల మేస్త్రీయే పిలవాలి. మా మస్టర్‌లో అన్న పేరుంటే తమ్ముడు పనికొచ్చేవాడు, ఆ సంగతి మేస్త్రీకి తప్ప హెచ్‌ఆర్‌కి ఏం తెలుస్తుంది. ఒరిస్సా, బీహార్ కుర్రాళ్ల పేర్లు మనవాళ్లు పిలిస్తే వాళ్లకే అర్థం కాదు, అది ఇంకో గోల.

పిలవడం అయ్యాక లిస్టు తిరగేసి కూడా చూడాలి. అంటే వరసలో నిలబడి టిక్ పడనివాళ్లు ఎవరు అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే క్లీనరూ ఆపరేటరూ అక్కడే బయటపడేవాళ్లు, లెక్కలో ఇద్దరు తక్కువని తెలిసిపోయేది. మేం ఆ తర్వాత డ్రిల్‌లో ఇది చేశాం, ఏడు నిమిషాలది పధ్నాలుగు అయింది, పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీండి.

దొరకని పేరు ఉంటే "ఒకరు మిస్సింగ్" అని చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు. పేరు, చివరిసారి ఎక్కడ చూశారు, ఎవరు చూశారు, ఎన్నింటికి, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఫైర్ వాళ్ల చేతికివ్వాలి, ఎందుకంటే లోపలికెళ్లేది వాళ్లు, వాళ్ల వీపు మీద సిలిండర్‌లో గాలి నిమిషాల లెక్క. దయచేసి వార్డెన్ మాత్రం వెతకడానికి మళ్లీ లోపలికి పోకూడదు. పోతే మిస్సింగ్ లిస్టులో ఇంకో పేరు పెరుగుతుంది, అంతే.

ఇక మీ పంచింగ్ లిస్టు. ఐటీ ఆఫీసే అయితే మీకు ఇంకా కష్టం. ఒకడు కార్డు చూపిస్తే వెనకాల నలుగురు దూరిపోతారు, టీకి వెళ్లేటప్పుడు ఎవడూ కొట్టడు. పైగా ఆ లిస్టు ఉండేది సర్వర్‌లో, డ్రిల్ అనగానే ముందు కరెంటు తీసేస్తారు. మాకు ఒకసారి సరిగ్గా ఇదే అయింది, ప్రింటర్ ముందు హెచ్‌ఆర్ అమ్మాయి నిలబడిపోయింది. ఆ పిల్ల లిస్టు కోసం లోపల ఉండిపోవడం ఏంటో, దిగమంటే "సార్ తిడతారండీ" అంది. అప్పట్నుంచి షిఫ్ట్ మొదలైన అరగంటకి ప్రింట్ తీసి గేటు దగ్గర క్లిప్ బోర్డుకి పెట్టేవాళ్లం, తర్వాత వచ్చిన పోయిన మార్పులు సెక్యూరిటీ పెన్నుతో రాసేవాడు. నా దృష్టిలో లక్షలు పోసి పెట్టే బయోమెట్రిక్ కన్నా ఆ పెన్నే నయం, ఎవరేమన్నా.

మీ ఫ్లోర్ వరకూ అయితే దిగేటప్పుడు పొగ లేకపోతే బాత్రూములు, మీటింగ్ రూములు, ప్యాంట్రీ తలుపు తట్టి చూడండి, చూడలేకపోయిన గది ఏదో అది కింద చెప్పండి. హౌస్‌కీపింగ్ ఆవిడ, ఏసీ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు, ఇంటర్వ్యూకొచ్చిన పిల్లాడు మీ లిస్టులో ఉన్నారో లేదో ముందే చూసుకోండి, వీళ్లే ఎప్పుడూ తప్పిపోయేది. ఇంకోటి, డ్రిల్ రోజు మీ మేనేజర్‌కి మాత్రం చెప్పి ఒకణ్ణి కావాలని స్టోర్ రూంలో కూర్చోబెట్టండి. రోల్ కాల్‌లో వాడి పేరు ఎన్ని నిమిషాలకి బయటపడుతుందో వాచీ చూసుకోండి. అసలు బయటపడకపోతే మీ పద్ధతి ఎలాంటిదో తెలిసిపోతుంది.

మా పెయింటర్‌ని ఆ రోజు అడిగాను, సైరన్ వినపడలేదా అని. వినపడిందట. మా దగ్గర భోజనం సైరనూ అదే, ప్రమాదం సైరనూ అదే. "ఇవాళ భోజనం తొందరగా పెట్టారనుకున్నా సార్, ఈ కోట్ అయ్యాక దిగుదామని" అన్నాడు.